ఛాంబర్‌లో ఒక ఆయిల్, చేతిలో ఇంకో డబ్బా

ఇంజన్‌లో పోసిన ఆయిల్ మళ్లీ మార్చే గడువు వచ్చేదాకా పోసినంతా ఉండదు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత పైకి చేరి ఇంధనంతో పాటు కాలిపోతుంది. వాల్వు సీళ్ల దగ్గర కొంత కిందికి జారి కాలుతుంది. ఇంకొంత వేడికి ఆవిరై బ్రీదర్ గొట్టం ద్వారా మళ్లీ ఇంజన్ పీల్చే గాలిలో కలిసిపోతుంది. కొత్త ఇంజన్‌లో ఈ తరుగు కంటికి ఆనదు. బాగా తిరిగిన ఇంజన్‌ అయితే వెయ్యి కిలోమీటర్లకే పావు లీటరు తాగినా ఆశ్చర్యం లేదు. తగ్గినంత మళ్లీ పోయాలి. సర్వీసింగ్‌లో ఏ ఆయిల్ పోశారో ఆ డబ్బా మాత్రం అవసరమైన చోట దొరకదు. బంకులోనో, ఊరి స్పేర్‌పార్టుల కొట్టులోనో వేరే కంపెనీది, వేరే గ్రేడుది ఉంటుంది. అది పోయవచ్చా అన్నదే ప్రశ్న.

దీనికి సమాధానం ఒక వరుసలో ఉంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది మట్టం. ఆయిల్ తక్కువై నడవడం కన్నా వేరే ఆయిల్ కలిసి నడవడం ఇంజన్‌కు చాలా తక్కువ హాని. ఆ తర్వాత చూడాల్సింది ఆయిల్ ఏ రకం ఇంజన్ కోసం తయారైంది అన్నది. మూడోది గ్రేడు, అంటే చిక్కదనం. చిట్టచివరిది కంపెనీ పేరు. చాలామంది ఈ వరుసను తిరగేసి చూస్తారు. అదే కంపెనీ డబ్బా కోసం ఊరంతా తిరిగి, దాని మీది ప్రమాణం చూడకుండానే పోసేస్తారు.

తక్కువైతే ఏమవుతుంది

ఇంజన్ అడుగున ఉండే పళ్లెం లాంటి భాగాన్ని సంప్ అంటారు. మెకానిక్ షెడ్డుల్లో ఛాంబర్ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. పంపు ఒక జల్లెడ గొట్టం ద్వారా అక్కడి ఆయిల్‌ను లాగి, ఫిల్టర్‌లోంచి క్రాంక్ బేరింగులకు, క్యామ్ షాఫ్ట్‌కు పంపుతుంది. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నిలిచేది కొద్ది మైక్రాన్ల మందం ఉన్న ఆయిల్ పొర మాత్రమే. ఆ పొర ఉన్నంతకాలం లోహం లోహాన్ని తాకదు.

ఛాంబర్‌లో ఆయిల్ తగ్గినప్పుడు, బండి మలుపు తిరిగినా గట్టిగా బ్రేకు వేసినా ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. జల్లెడ గొట్టం తేలిపోయి పంపు గాలిని పీలుస్తుంది. ఆ కొద్ది క్షణాలు బేరింగుల దగ్గర పొర తెగుతుంది. ఇలా పదేపదే జరిగితే బేరింగులు గీసుకుపోతాయి, చివరికి ఇంజన్ పట్టేస్తుంది. మిగిలిన కొద్దిపాటి ఆయిలే మొత్తం వేడిని మోయాల్సి రావడంతో అది త్వరగా పాడవుతుంది కూడా.

డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర ఆయిల్ దీపం మట్టాన్ని చూపదు, ఒత్తిడిని చూపుతుంది. ఒత్తిడి పడిపోయాకే అది వెలుగుతుంది. కారణం ఆయిల్ తరుగే అయితే, మట్టం అప్పటికే కనీస గీత దాటి చాలా కిందికి దిగి ఉంటుంది. దీపం వెలిగాక పక్క ఊరి దాకా వెళ్లి చూద్దామనుకోవడం పెద్ద పొరపాటు. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. అలాంటప్పుడు అక్కడ దొరికిన తగిన ఇంజన్ ఆయిల్ ఏ కంపెనీదైనా పోయడమే సరైన పని.

కలిస్తే విరుగుతుందా

వేర్వేరు ఆయిల్స్ కలిపితే లోపల గడ్డకట్టి జిగురులా తయారవుతాయన్న భయం వాహనదారుల్లో బలంగా ఉంది. ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లోని రోటరీ ఇంజన్లకు ఆముదం పోసేవారు. ఆ ఇంజన్లలో పెట్రోలు, గాలి మిశ్రమం క్రాంక్ కేసు గుండానే వెళ్లేది. మామూలు ఖనిజ నూనె అయితే పెట్రోలులో కరిగి పలచబడిపోయేది, ఆముదం అంత తేలిగ్గా కరగదు. పందెం కార్లకు, బైకులకు కూడా ఆముదంతో చేసిన ఆయిల్స్ చాలాకాలం వాడారు. పెట్రోలియం నుంచి తీసిన నూనెతో ఆముదం సరిగా కలవదు, వేడికి జిగురు కట్టే గుణం కూడా దానికి ఉంది. కాబట్టి ఆ రోజుల్లో రెండూ కలపవద్దన్న హెచ్చరిక అక్షరాలా నిజం.

ఇప్పుడు బజారులో కారుకూ బైకుకూ అమ్మే ఆయిల్స్ సంగతి వేరు. మినరల్ అయినా, సింథటిక్ అయినా వాటిలో ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి సులువుగా కలిసే హైడ్రోకార్బన్ నూనెలే. సెమీ సింథటిక్ అని అమ్మే డబ్బాలో కంపెనీయే ఆ రెండు రకాల మూల నూనెలను కలిపి పోస్తుంది. అవి కలిస్తే విరిగేవే అయితే ఆ సరుకే ఉండేది కాదు.

దీనికి పరీక్ష కూడా ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ గుర్తు, అంటే డబ్బా మీద కనిపించే ఏపీఐ ముద్ర పొందాలంటే ఆయిల్ మిగతా ఆయిల్స్‌తో కలుస్తుందని రుజువు కావాలి. ఏఎస్‌టీఎం డీ6922 అనే పద్ధతిలో కొత్త ఆయిల్‌ను ప్రామాణికంగా ఎంచిన నూనెలతో కలిపి, చల్లబరిచి, వేడిచేసి, మళ్లీ చల్లబరిచి చూస్తారు. పొరలుగా విడిపోయినా, రంగు చెదిరి తేడా చూపినా అది నెగ్గదు. రెండు డబ్బాల మీదా ఈ ముద్ర ఉంటే అవి లోపల గడ్డకడతాయన్న చింత అక్కర్లేదు.

అయితే ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే: రెండూ కలుస్తాయి, విడిపోవు. కలిసిన ఆయిల్ మొదటిదంత బాగా పనిచేస్తుందని అది చెప్పదు.

కంపెనీ మారితే మారేది ఏమిటి

డబ్బాలోని ఆయిల్‌లో సుమారు నాలుగింట మూడు వంతుల నుంచి పదింట తొమ్మిది వంతుల దాకా మూల నూనె ఉంటుంది. మిగిలినవి దానికి పనితనం ఇచ్చే రసాయనాలు. మసినీ ఆమ్లాలనూ కడిగే డిటర్జెంట్, మసి రేణువులు ముద్దకట్టకుండా విడివిడిగా తేల్చి ఉంచే డిస్పర్సెంట్, లోహం మీద రక్షణ పొర కట్టే జింకు సమ్మేళనం, ఆయిల్ గాలికి మాడకుండా కాపాడే పదార్థం, నురగను అణిచేది, వేడికి మరీ పలచబడకుండా చిక్కదనాన్ని నిలిపే పాలిమర్ వీటిలో ముఖ్యమైనవి.

ఒక్కో కంపెనీ వీటిని ఒక్కో పాళ్లలో వేస్తుంది. ఈ రసాయనాల్లో కొన్ని లోహపు ఉపరితలం మీద చోటు కోసం ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అరుగుదల ఆపేది, తుప్పు ఆపేది, రాపిడి తగ్గించేది అన్నీ అదే లోహానికి అంటుకోవాలి. అందుకే కంపెనీలు మొత్తం కూర్పును తూచి, నిర్ణీత ఇంజన్లలో గంటల తరబడి నడిపి పరీక్షిస్తాయి. ఒక కంపెనీ కూర్పు నెగ్గింది, రెండో కంపెనీది కూడా నెగ్గింది. రెండూ కలిసిన కూర్పును మాత్రం ఎవరూ పరీక్షించలేదు. అంత మాత్రాన ఆ మిశ్రమం విషం కాదు. దానికి ఎవరి పూచీ లేదన్నదే దాని అర్థం.

ఈ లెక్కన పాళ్లే కీలకం. మూడున్నర లీటర్ల ఆయిల్‌లో అదే ప్రమాణం, అదే గ్రేడు ఉన్న వేరే కంపెనీ ఆయిల్ అర లీటరు కలిస్తే తేడా పట్టుకోవడం కష్టం. ఆయిల్ మార్చే గడువును కూడా మార్చుకోనక్కర్లేదు. సగానికి సగం కలిపి ఏడాదంతా నడపడం వేరు. అది మంచి అలవాటు కాదు.

పూర్తి సింథటిక్‌లో మినరల్ పోసినప్పుడు వచ్చే నష్టం కూడా ఇలాంటిదే. ఎక్కువ కాలం మన్నడం, వేడికి నిలవడం అనే సింథటిక్ గుణాలు కలిసిన పాళ్లను బట్టి తగ్గుతాయి. లీటరుకు లీటరు మినరల్ చేరిందంటే పది వేల కిలోమీటర్ల గడువు మీద నమ్మకం పెట్టుకోకుండా ముందుగానే మార్చడం మేలు.

గ్రేడు మారితే

డబ్బా మీద 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 అని కనిపించే అంకెలు చిక్కదనానికి సంబంధించినవి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అది తక్కువైన కొద్దీ గడ్డకట్టే చలిలోనూ ఇంజన్ సులువుగా స్టార్టు అవుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇంజన్ బాగా వేడెక్కినప్పటి చిక్కదనం. అది పెరిగే కొద్దీ ఆయిల్ పొర మందంగా ఉంటుంది. ఈ వెనక అంకె ఒకే విలువ కాదు, ఒక పరిధి. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే కొలతలో చెబితే, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు ఉంటుంది.

ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్న ఒక పెట్రోలు కారు ఉందనుకోవాలి. టర్బో లేని మామూలు ఇంజన్, నిండుగా మూడున్నర లీటర్ల 5డబ్ల్యూ-30 పట్టే ఛాంబర్. సూర్యాపేట దగ్గర ఆపి చూస్తే మట్టం డిప్‌స్టిక్ కింది గీత మీద ఉంది. ఈ కారులో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ఒక లీటరు అనుకుంటే, లోపల మిగిలింది రెండున్నర లీటర్లు. బంకులో ఉన్నది లారీలకూ ట్రాక్టర్లకూ ఎక్కువగా పోసే 15డబ్ల్యూ-40 మాత్రమే. డబ్బా మీద డీజిల్ ప్రమాణంతో పాటు పెట్రోలు ప్రమాణం కూడా ఉంది.

లోపలి ఆయిల్ చిక్కదనం 10.5, డబ్బాలోది 14.5 అనుకుందాం. ఆ గ్రేడులకు ఇవి మామూలుగా ఉండే విలువలే. అర లీటరు పోస్తే మొత్తంలో ఆరో వంతు కొత్త ఆయిల్ అవుతుంది. కలిసిన ఆయిల్ చిక్కదనం మామూలు సగటు కంటే పలచని ఆయిల్ వైపు కొంచెం మొగ్గుతుంది. లెక్క వేస్తే ఇక్కడ సుమారు 11 వస్తుంది. లీటరు మొత్తం పోసినా 11.5 దగ్గర ఆగుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆయిల్ 30 గ్రేడు పరిధి దాటలేదు. 15డబ్ల్యూ-40 బదులు బాగా చిక్కనైన 20డబ్ల్యూ-50 దొరికి, దాని చిక్కదనం 18 అనుకున్నా, అర లీటరుకు 11.5, లీటరుకు 12.2 వస్తుంది. గ్రేడు అంచుకు చేరింది కానీ దాటలేదు. ఆ కారు నిశ్చింతగా విజయవాడ చేరుతుంది.

దెబ్బతినేది డబ్ల్యూ ముందున్న అంకె. మిశ్రమాన్ని ఇక 5డబ్ల్యూ అనలేం. కానీ 15డబ్ల్యూ ఆయిల్‌ను కూడా సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఇంజన్ తిరిగేలా చేస్తుందని పరీక్షించే అమ్ముతారు. ఆదిలాబాద్‌లోనూ లంబసింగిలోనూ ఎంత చలి పడినా అక్కడి దాకా దిగదు. కాబట్టి తెలుగు నేల మీద ఈ నష్టం అసలు పైకి తెలియదు. షికాగోలోనో టొరంటోలోనో ఉండే తెలుగువాళ్లు మాత్రం జనవరి ఉదయాలను దృష్టిలో పెట్టుకోవాలి. అక్కడ 0డబ్ల్యూ లేదా 5డబ్ల్యూ తప్ప మరొకటి పోయకపోవడమే మంచిది.

చిక్కదనం కొంచెం పెరిగితే ఇబ్బందులు పెద్దవి కావు. మైలేజీ కాస్త తగ్గవచ్చు. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు క్యామ్ షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడానికి ఇంకొంచెం సమయం పట్టవచ్చు. జాగ్రత్త పడాల్సింది 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పలచని ఆయిల్ కోసం తయారైన కొత్త ఇంజన్ల విషయంలో. వాటిలో వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం చాలావరకు ఆయిల్ ఒత్తిడితోనే, సన్నని దారుల ద్వారా పనిచేస్తుంది. రెండున్నర లీటర్ల 0డబ్ల్యూ-20కి లీటరు 20డబ్ల్యూ-50 కలిస్తే మిశ్రమం 30 గ్రేడులోకి వెళ్లిపోతుంది. దానితో ఇల్లు చేరవచ్చు, అలాగే వదిలేయడం మాత్రం తగదు.

దీనికి తిరగేసిన సందర్భం ఇంకా ఆలోచించాల్సింది. 20డబ్ల్యూ-50 కోరే పాత ఇంజన్‌లో, బేరింగుల సందులు అరిగి వదులైన చోట, 0డబ్ల్యూ-20 ఎక్కువగా పోస్తే వేడి మీద ఒత్తిడి పడిపోతుంది. ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎర్ర దీపం మిణుకుమిణుకుమనడం దీని గుర్తు. ఆయిల్ తాగడం కూడా పెరుగుతుంది. ఏదో ఒకటి తప్పనిసరి అయినప్పుడు మన ఎండలకు ఒక మెట్టు చిక్కనిది ఎంచుకోవడం ఒక మెట్టు పలచనిది ఎంచుకోవడం కన్నా క్షేమం.

అసలు చూడాల్సింది ప్రమాణం

గ్రేడు ఒకటే అయినా ప్రమాణం వేరైతే నష్టం జరిగే చోట్లు మూడున్నాయి.

మొదటిది బైకు. చాలా బైకుల్లో ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కార్ల కోసం చేసిన పలచని ఆయిల్స్‌లో మైలేజీ కోసం రాపిడి తగ్గించే రసాయనాలు వేస్తారు. కారు క్లచ్ పొడిగా, ఆయిల్‌కు దూరంగా ఉంటుంది కాబట్టి దానికి బాధ లేదు. బైకు క్లచ్ పనిచేసేదే రాపిడి మీద. ఆ రసాయనం ప్లేట్లకు పట్టిందంటే క్లచ్ జారుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ చప్పుడు పెరుగుతుంది కానీ బండి ముందుకు లాగదు. అందుకే బైకుల కోసం జాసో అనే జపాన్ ప్రమాణం వచ్చింది. క్లచ్ ఆయిల్‌లో మునిగే బైకులకు ఎంఏ లేదా ఎంఏ2 అని డబ్బా మీద ఉండాలి. ఎంబీ అన్నది రాపిడి తక్కువ రకం. స్కూటర్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌ను తాకదు కాబట్టి ఎంబీ వాటికి సరిపోతుంది.

బైకులో పాళ్ల లెక్క కూడా త్వరగా తప్పుతుంది. 150 సీసీ బైకు పట్టేది సుమారు లీటరు. అందులో 200 మిల్లీలీటర్లు పోసినా ఐదో వంతు మారినట్టే. కారు ఆయిల్ పడి క్లచ్ జారడం మొదలైతే వెంటనే ఆయిల్ మార్చాలి. ప్లేట్లు మాడకపోతే సరైన ఆయిల్ పోశాక పట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంది.

రెండోది బీఎస్6 డీజిల్ కారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమలైన ఈ నిబంధనల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత, అంటే డీపీఎఫ్ వచ్చింది. అందులో చేరిన మసిని ఇంజన్ అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలగా మిగిలే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఇలాంటి కార్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ వాడాలి. ఐరోపా ప్రమాణంలో ఏసీఈఏ సీ2, సీ3 రకాలకు బూడిద 0.8 శాతం మించకూడదు. లారీల కోసం చేసే పాత రకం ఆయిల్‌లో అది ఒక శాతం దాటి ఉండడం మామూలే.

ఐదు లీటర్ల ఛాంబర్‌లో నాలుగున్నర లీటర్ల సీ3 ఉండి, దానికి 1.4 శాతం బూడిద ఉన్న ఆయిల్ అర లీటరు కలిస్తే మొత్తం 0.86 శాతం అవుతుంది. ఒక్కసారి జరిగితే డీపీఎఫ్ దెబ్బతినదు. ఆయిల్ తాగే కారులో నెలనెలా ఇలాగే పోస్తూ పోతే బూడిద పాలు క్రమంగా పెరుగుతుంది. ఆ ఆయిల్ కాలి పోయేది నేరుగా డీపీఎఫ్‌లోకే. వడపోత పూడితే పికప్ తగ్గుతుంది, దీపం వెలుగుతుంది, కొత్తది వేయాలంటే ఖర్చు భారీగా ఉంటుంది.

మూడోది చిన్న టర్బో పెట్రోలు ఇంజన్. ఇలాంటి ఇంజన్లలో, ముఖ్యంగా పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేవాటిలో, తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. రింగుల దగ్గర పెట్రోలుతో కలిసిన ఆయిల్ బిందువులు దీనికి ఒక కారణం. కాల్షియం డిటర్జెంట్ ఎక్కువగా ఉంటే ఈ ప్రమాదం పెరుగుతుందని తేలింది. అందుకే ఏపీఐ 2018లో ఎస్‌ఎన్ ప్లస్‌ను, 2020లో ఎస్‌పీని తెచ్చింది. టర్బో పెట్రోలు కారులో ఎస్‌పీ గానీ, అంతకంటే కొత్తది గానీ పోయాలి. ఎస్‌ఎల్, ఎస్‌ఎం లాంటి పాత రకం తప్ప మరేదీ దొరకకపోతే కింది గీత దాటేంత మాత్రమే పోసి, టాప్ గేరులో తక్కువ వేగం మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపి, వీలైనంత త్వరగా మార్చాలి.

పెట్రోలు ఇంజన్ల విషయంలో కొత్త ప్రమాణం పాత బండికి పనికివస్తుంది. ఎస్‌ఎన్ అడిగే కారులో ఎస్‌పీ నిరభ్యంతరంగా పోయవచ్చు. ఎస్‌పీ అడిగే కారులో ఎస్‌ఎల్ పోయడం మాత్రం సరికాదు.

డబ్బా చదవడం, పోయడం

ఏపీఐ లైసెన్సు ఉన్న డబ్బా వెనక ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది. దాని పై సగంలో ప్రమాణం, మధ్యలో గ్రేడు, కింది సగంలో కొన్నిసార్లు ఇంధనం ఆదా చేసే రకమని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. కింద ఆ మాట ఉందంటే ఆయిల్ రాపిడి తగ్గించే రకం. క్లచ్ ఆయిల్‌లో మునిగే బైకుకు అది వద్దు. ప్రమాణంలో మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలుకు, సీ అయితే డీజిల్‌కు. రెండూ ఉంటే రెండింటికీ. బండికి ఏది కావాలో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది, కొన్ని కార్లలో ఆయిల్ పోసే మూత మీద గ్రేడు ముద్రించి ఉంటుంది.

పోసే ముందు కారును చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి, ఐదు పది నిమిషాలు ఆగాలి. పైనున్న ఆయిల్ ఛాంబర్‌లోకి దిగడానికి ఆ సమయం పడుతుంది. డిప్‌స్టిక్ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే మట్టం నమ్మదగినది కాదు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకు పట్టి ఉంటుంది. బైకును సైడు స్టాండు మీద కాక నిటారుగా నిలిపి చూడాలి. మర చుట్టి బిగించే డిప్‌స్టిక్ ఉన్న చాలా బైకుల్లో చూసేటప్పుడు మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి.

చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు లీటరు ఆయిల్ పడుతుంది. అయినా ఒకేసారి లీటరు పోయకూడదు. పావు లీటరు పోసి, రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ కొలవాలి. వేరే రకం ఆయిల్ పోస్తున్నప్పుడు పై గీత దాకా నింపనక్కర్లేదు. రెండు గీతల మధ్యకు వచ్చిందంటే చాలు. పరాయి ఆయిల్ పాలు తగ్గుతుంది, ఇంజన్‌కు కావలసిన మట్టమూ దక్కుతుంది.

పై గీత దాటి పోయడం కూడా తప్పే. తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి పంపు పంపేది పూర్తి ఆయిల్ కాదు, ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ ద్వారా పైకి పోయి కాలి నీలిపొగ వస్తుంది, పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది.

ఇక ఎంత అవసరమైనా పోయకూడనివి కొన్ని ఉన్నాయి. గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, కూలెంట్, పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌కు బదులు కావు. పొరపాటున వీటిలో ఏది పడినా ఇంజన్ స్టార్టు చేయకుండానే ఛాంబర్ ఖాళీ చేయించాలి. పేరూ ప్రమాణమూ లేకుండా డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్ మీద కూడా నమ్మకం పెట్టుకోలేం, అందులో ఏముందో చెప్పేవాళ్లు ఉండరు.

ఆ తర్వాత

ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ ఆయిల్ ఎంత పోశారో సర్వీసు పుస్తకంలో రాసి, బిల్లు దాచాలి. వారంటీ ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం.

ఎప్పుడు మార్చాలన్నది కలిసినదాన్ని బట్టి ఉంటుంది. ప్రమాణం, గ్రేడు రెండూ సరిపోయి కంపెనీ ఒక్కటే మారితే మామూలు గడువు దాకా ఆగవచ్చు. గ్రేడు ఒక మెట్టు మారి, కలిసింది ఐదో వంతు లోపు అయితే కూడా ఆగవచ్చు. మూడో వంతు దాకా వెళ్తే గడువు సగానికి తగ్గించుకోవడం మంచిది. ప్రమాణమే తప్పితే, అంటే బైకులో కారు ఆయిల్, డీపీఎఫ్ కారులో లారీ ఆయిల్ ఎక్కువగా పడితే, ఊరు చేరగానే ఫిల్టర్‌తో సహా మార్పించాలి. మార్చేటప్పుడు ఛాంబర్ ఖాళీ చేసినా దారుల్లో, మూలల్లో పాత ఆయిల్ కొంత మిగులుతుంది. ఆ కాస్తకు భయపడి ఫ్లషింగ్ చేయించనక్కర్లేదు.

కలిపిన తర్వాత కొన్ని రోజులు డిప్‌స్టిక్ మీద కన్నేసి ఉంచాలి. ఆయిల్ నల్లబడితే అనుమానించనక్కర్లేదు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. పాలు కలిసినట్టు తెల్లగా, మీగడలా కనిపిస్తే అది రెండు ఆయిల్స్ కలవకపోవడం కాదు, నీరు చేరడం. మూత కింద మాత్రమే కొంచెం ఉంటే అది చలిలో చిన్నచిన్న దూరాలు తిరగడం వల్ల చేరిన తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను చూపించాలి. పోయకుండానే మట్టం పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. సిటీలోనే తిరుగుతూ డీపీఎఫ్ శుభ్రపడే పని మధ్యలో ఆగిపోయే డీజిల్ కార్లలో ఇది కనిపిస్తుంది.

మట్టం తరచు తగ్గుతూ నెలనెలా పోయాల్సి వస్తుంటే ఏ ఆయిల్ పోయాలన్నది రెండో ప్రశ్న అయిపోతుంది. కింద మరకలు పడుతున్నాయా, స్టార్టు చేసినప్పుడు నీలిపొగ వస్తోందా, టర్బో నుంచి కారుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. అలాంటి బండికి సరైన ఆయిల్ లీటరు డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకుంటే దారిలో వేరే ఆయిల్ కలపాల్సిన అవసరమే రాదు.